చార్టు కొసకు ఎక్కినప్పుడు మిత్తి ఎవరు కడుతున్నరో చూడుండ్రి

బిట్‌కాయిన్ ధర కొత్త ఎత్తుకు పోయినప్పుడల్లా మా దిక్కు తమ్ముళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఇంకా పోతదా, ఈడికెల్లి పడుతదా?" ఫోన్ల చార్టు తెరిచి, గీతలు గీసి మరీ చూపిస్తరు. నేను మాత్రం చార్టు కంటే ముందు ఇంకో చిన్న అంకె చూడుమంట. చార్టు ధర ఎంతుందో చెప్తది. ఆ ధర కాడ నిలబడ్డోళ్లు సొంత పైసలతోని నిలబడ్డరా, అప్పు కాళ్ల మీద నిలబడ్డరా అనేది చెప్పదు. ధర కొసకు చేరినప్పుడు అసలు తెలుసుకోవాల్సిన ముచ్చట అదే.

ఆ అంకె పేరు ఫండింగ్ రేటు. ఫ్యూచర్స్ యాప్ తెరిస్తే పైన ఓ మూలకు, సున్నాలతోని మొదలయ్యే శాతం ఒకటి, దాని పక్కన తగ్గుకుంట పోయే గడియారం ఒకటి కనపడుతది. బైనాన్స్‌ల అయితే దాని మీద `Funding / Countdown` అని ఉంటది. చానామంది దాన్ని ఓ చిన్న ఫీజు అనుకొని వదిలేస్తరు. అది ఫీజు కాదు. గుంపు ఏ దిక్కున ఎగబడ్డదో చెప్పే మిత్తి లెక్క.

గడువు లేని ఒప్పందం

మామూలు ఫ్యూచర్స్‌కు ఓ ఆఖరి తారీఖు ఉంటది. ఆ రోజు లెక్క తేలాలె కాబట్టి, దాని ధర నడుమల ఎటు పోయినా చివరికి అసలు సరుకు ధర కాడికే వస్తది. క్రిప్టోల ఎక్కువ నడిచేది అది కాదు, పర్పెచువల్ ఫ్యూచర్స్. 2016 మే నెలల బిట్‌మెక్స్ అనే ఎక్స్‌ఛేంజీ దీన్ని బిట్‌కాయిన్‌కు తెచ్చింది. దీనికి ఆఖరి తారీఖు లేదు. మార్జిన్ ఉన్నన్ని రోజులు పొజిషన్ పట్టుకొని కూసోవచ్చు.

మరి గడువే లేకపోతే దాని ధర అసలు బిట్‌కాయిన్ ధరను, అంటే స్పాట్ ధరను, ఎందుకు పట్టుకొని ఉండాలె? అందుకోసం పెట్టిన తాడే ఫండింగ్. పర్పెచువల్ ధర స్పాట్ కంటే పైకి పోతే, పెరుగుతదని లాంగ్ పట్టుకున్నోళ్లు తగ్గుతదని షార్ట్ పట్టుకున్నోళ్లకు పైసలు కట్టాలె. కిందికి పోతే షార్ట్ వాళ్లు లాంగ్ వాళ్లకు కట్టాలె. ఈ పైసలు ఎక్స్‌ఛేంజీ జేబులకు పోవు. ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు పోతయి. లాంగ్ పట్టుకునుడు పిరమైతే కొందరు వదిలేస్తరు, ధర మళ్ల స్పాట్ దగ్గరికి వస్తదని లెక్క.

బైనాన్స్‌ల బిట్‌కాయిన్ ఒప్పందానికి మామూలుగా ఎనిమిది గంటలకొకసారి ఈ లెక్క తేలుతది. మన టైమ్‌ల పొద్దున 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30. ఆ నిమిషాన పొజిషన్ ఎవరి చేతిల ఉంటే వాళ్లే కట్టాలె లేదా తీసుకోవాలె.

ఇక్కడ ఒక సంగతి మొదలే తెలిసుండాలె. మార్కెట్ సల్లగ ఉన్నప్పుడు కూడా ఈ రేటు సున్నా ఉండదు, 0.01 శాతం ఉంటది. ఎందుకంటే లెక్కల్నే రోజుకు 0.03 శాతం మిత్తి కలిపి పెట్టిండ్రు. పర్పెచువల్ ధర, స్పాట్ ధర నడుమ తేడా కొద్దిగనే ఉంటే రేటు ఆ 0.01 కాడనే నిలబడుతది. కాబట్టి 0.01 చూసి "లాంగ్ వాళ్లు ఎగబడ్డరు" అనుకుంటే తప్పు. అది ఖాళీ రోడ్డు. గుంపు ఉందంటే అది 0.05, 0.1 దిక్కు పోవాలె, లేదంటే సున్నా కిందికి దిగాలె.

0.1 శాతం అంటే జేబుకు ఎంత

0.1 శాతం అంటే చూసేటందుకు ఏమంత అనిపించది. కానీ ఇది నువ్వు పెట్టిన పైసల మీద కాదు, మొత్తం పొజిషన్ మీద పడుతది. అసలు మెలిక అక్కడ్నే ఉంది.

ఒక తమ్ముడు 10,000 రూపాయలు పెట్టి 20 రెట్లు లివరేజ్ తీసుకున్నడు అనుకుందాం. పొజిషన్ 2 లక్షలు అయితది. ఫండింగ్ 0.01 శాతం ఉంటే ఒక్కసారికి 20 రూపాయలు, రోజుకు మూడుసార్లు కలిపి 60. అదే 0.1 శాతం అయితే ఒక్కసారికి 200, రోజుకు 600 రూపాయలు. అంటే పెట్టిన పైసలల్ల రోజుకు 6 శాతం. ఊర్ల నూటికి మూడు రూపాయల మిత్తి అంటేనే గుండె మీద చెయ్యి వేసుకుంటం, అదీ నెలకు. ఇది దినానికి.

ఇంకో సంగతి చూడుండ్రి. 20 రెట్ల మీద ధర 5 శాతం పడితే పది వేలు మొత్తం పోతయి. ఎక్స్‌ఛేంజీ అంతదాక ఆగదు. తన పైసలకు దెబ్బ తగలొద్దని ఇంకొంచెం ముందే పొజిషన్ అమ్మేస్తది. దీన్నే లిక్విడేషన్ అంటరు. లెక్కకు 4.5 శాతం పడితే అమ్ముతదనుకుందాం. ఇప్పుడు ధర ఎటూ కదలకుండ మూడు రోజులు అక్కడ్నే ఉందనుకోండి. 1,800 రూపాయలు ఫండింగ్ కింద పోయినయి. వాలెట్‌ల వేరే పైసలు లేకపోతే అవి మార్జిన్ల నుంచే పోతయి, 8,200 మిగులుతది. ముందు 4.5 శాతం పడేదాక ఓర్చుకునే పొజిషన్ ఇప్పుడు 3.6 శాతానికే పోతది. చార్టుల ఏం మారలేదు, కానీ గోడ దగ్గరికి వచ్చింది.

అందుకే ఫండింగ్ ఎక్కువ ఉన్న కాలంల లాంగ్ పట్టుకున్నోనికి ధర పడుడే కాదు, ఆగిపోవుడు కూడా నష్టమే. వానికి ధర రోజూ పెరగాలె.

అవతల నిలబడ్డోడు ఎవడు

ఫండింగ్ ఎక్కువుంటే "షార్టుల కంటే లాంగులు ఎక్కువున్నయి" అని వీడియోలల్ల చెప్తుంటరు. అది కుదిరే మాట కాదు. ప్రతి లాంగ్‌కు అవతల అంతే పెద్ద షార్ట్ ఉంటది, లేకపోతే ఒప్పందమే పుట్టదు. ఫండింగ్ చెప్పేది లెక్కల ఎవరు ఎక్కువ అని కాదు, ఎవరు ఎక్కువ ఆత్రంగ ఉన్నరు అని. వాన పడ్డ తెల్లారి ఊరందరికీ ఒక్కసారే ట్రాక్టర్ కావాలె. అప్పుడు కిరాయి పెరుగుతది. ఎన్ని ట్రాక్టర్లు ఉన్నయో ఆ కిరాయి చెప్పదు, ఎంత గిరాకి ఉందో చెప్తది. ఇదీ అట్లనే.

మరి అంత కిరాయి తీసుకొని అవతల షార్ట్ కొట్టేటోడు ఎవడు? చానావరకు ధర పడుతదని నమ్మినోడు కాదు. ఒక బిట్‌కాయిన్ స్పాట్‌ల కొంటడు, పర్పెచువల్ల ఒక బిట్‌కాయిన్ షార్ట్ కొడుతడు. ధర పెరిగితే ఒక దాంట్ల లాభం, ఇంకో దాంట్ల అంతే నష్టం. పడినా అంతే. వానికి ధరతోని పని లేదు, ఫండింగ్ తీసుకునుడే పని. ఎనిమిది గంటలకు 0.1 శాతం అంటే, అదే రేటు ఏడాది పొడుగుతా ఉంటే నూరు శాతం దాటుతది. అట్ల ఉండదు గానీ, ఉన్నన్ని రోజులు పెద్ద పైసలున్నోళ్లు ఈ పని చేస్తరు.

గుంపు ప్రమాదం అర్థం కావాలంటే ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలె. ఒక దిక్కు అప్పు కాళ్ల మీద నిలబడ్డ లాంగులు, రోజూ మిత్తి కడుతున్నరు, గోడ దగ్గరికి వస్తున్నది. ఇంకో దిక్కు ధర ఎటు పోయినా భయం లేనోడు. ధర కొంచెం జారితే ఉరికేది ఒక్క దిక్కు వాళ్లే. వాళ్లు కావాలని అమ్మరు, ఎక్స్‌ఛేంజీ ఏ ధరకు వస్తే ఆ ధరకు అమ్మేస్తది. ఆ అమ్మకంతోని ధర ఇంకింత జారుతది, అది కింద ఉన్నోని గోడను తాకుతది. ఒకని తర్వాత ఒకడు పడుతరు.

2021 ఏప్రిల్‌ల ఏమైంది

దీన్ని కండ్లకు కట్టినట్టు చూపించిన రోజులు 2021 ఏప్రిల్‌ల ఉన్నయి. ఏప్రిల్ 14న కాయిన్‌బేస్ కంపెనీ నాస్‌డాక్‌ల లిస్టయింది. క్రిప్టో లోకమంతా పండుగ చేసుకుంది. అదే రోజు బిట్‌కాయిన్ 64,800 డాలర్ల దగ్గరికి పోయింది, అప్పటికి అదే అన్నిటికంటే పెద్ద ధర. ఆ రోజులల్ల ఫండింగ్ ఎనిమిది గంటలకు 0.1 శాతం చుట్టుపక్కల తిరుగుతున్నది, అంటే మామూలుకు పది రెట్లు.

నేను తమ్ముళ్లకు చూపించేది ఆ ఎత్తు కాదు, దాని తర్వాతి మూడు రోజులు. కొత్త ఎత్తు రాలేదు. ధర 60 వేలు, 64 వేల నడుమల్నే తిరిగింది. అయినా లాంగ్ వాళ్లు వదలలేదు, మిత్తి కట్టుకుంటనే ఉన్నరు. మంచి వార్త వచ్చింది, పైసలు కడుతున్నరు, ధర మాత్రం పైకి పోతలేదు. ఈ మూడు ఒక్క చోట చేరుడే గుంపు బరువెక్కిందనేటందుకు గుర్తు.

ఏప్రిల్ 18 ఆదివారం, మన దిక్కు పొద్దున పూట, 60 వేల దగ్గర ఉన్న ధర గంటలోపల్నే 52 వేల దాకా పడ్డది. దాదాపు 13 శాతం. 20 రెట్లోడు 4.5 కాడనే పోయిండు, 10 రెట్లోడు కూడా మిగలలేదు. అన్ని కాయిన్లు కలిపి 24 గంటలల్ల దాదాపు 1,000 కోట్ల డాలర్ల పొజిషన్లు లిక్విడేట్ అయినయని లెక్కలు కట్టే సైట్లు చూపించినయి.

ఎందుకు పడ్డదని అడిగితే అప్పుడు రెండు కారణాలు తిరిగినయి. చైనాల షిన్‌జియాంగ్‌ల కరెంటు పోయి మైనింగ్ తగ్గిందని ఒకటి, అమెరికా ట్రెజరీ ఏదో చర్య తీసుకుంటదని పుకారు ఒకటి. నిప్పురవ్వ ఏదైనా కావచ్చు. ఎండిన గడ్డివాము ముందే ఉంది. ఫండింగ్ చూపించింది ఆ వామును, రవ్వను కాదు. పడ్డంక ఫండింగ్ కూడా సున్నా దిక్కుకు కూలింది. ఆ ఎత్తును బిట్‌కాయిన్ మళ్ల దాటింది అక్టోబర్‌లనే.

కింది కొసన అదే కథ తలకిందులు

అదే ఏడాది మే 19న ధర 30 వేల దాకా పడ్డది. జూన్, జులైల చానావరకు 30 వేలకు, 40 వేలకు నడుమ ఈదింది. ఈ వారాలల్ల ఫండింగ్ సున్నా దగ్గర, చానాసార్లు సున్నా కింద ఉంది. అంటే ఇప్పుడు షార్ట్ వాళ్లు మిత్తి కడుతున్నరు. జులై 20న ధర 30 వేల కిందికి, 29,300 దాకా దిగింది. అందరు "ఇంక 20 వేలే" అన్నరు. కానీ కింద నిలవలేదు, మర్నాడే పైకి వచ్చింది. జులై 26కు 40 వేల దాకా లేచింది. అమెజాన్ బిట్‌కాయిన్ తీసుకుంటదని పుకారు లేచింది, కంపెనీ కాదన్నది. పుకారు అబద్ధమైనా షార్టుల లిక్విడేషన్ నిజం. షార్ట్ లిక్విడేట్ అయితే ఎక్స్‌ఛేంజీ కొనాల్సిందే, ఆ కొనుడుతోని ధర ఎగిరింది.

పైన లాంగులు మిత్తి కట్టుకుంట పైకి పోలేకపోయిండ్రు, కింద షార్టులు మిత్తి కట్టుకుంట కిందికి తొయ్యలేకపోయిండ్రు. రెండిట్ల చూడాల్సింది ఒక్కటే. పైసలు కడుతున్న దిక్కుకు ధర పోతున్నదా, పోతలేదా?

ఎక్కడ దెబ్బ కొడుతది

ఇంత చెప్పినంక "ఫండింగ్ ఎక్కువుంటే షార్ట్ కొట్టుడే" అనుకుంటరేమో. అట్ల కొట్టినోళ్లు 2021 ఫిబ్రవరిల ఏమయిండ్రో చూడుండ్రి. ఫిబ్రవరి 8న టెస్లా 150 కోట్ల డాలర్ల బిట్‌కాయిన్ కొన్నమని చెప్పింది, ఆ రోజు ధర 46 వేల దాకా పోయింది. తర్వాత ఫండింగ్ మస్తు పైకెక్కింది. ధర ఆగలేదు, ఫిబ్రవరి 21కి 58 వేలు చేరింది. 46 వేల కాడ షార్ట్ కొట్టినోనికి, రోజుకు 0.3 శాతం చొప్పున 13 రోజులు వచ్చినా 4 శాతమే వస్తది. పోయేది 26 శాతం. అప్పుడు కూడా లాంగులు ఎగబడ్డరు, కానీ ధర వాళ్ల దిక్కే పోతున్నది. వాళ్లు కట్టే మిత్తికి ఫలం దొరుకుతున్నది. గుంపు ఉంది, కానీ ఇరుక్కోలేదు.

రెండో దెబ్బ సున్నా కింది ఫండింగ్‌తోని తగులుతది. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం తన పనితీరును మార్చుకుంది, దాన్ని మెర్జ్ అన్నరు. పాత పద్ధతిల నడిచే ఒక చీలిక కాయిన్ వస్తదని, ఇథర్ చేతిల ఉన్నోళ్లకు అది ఉత్తగనే దొరుకుతదని ముందే తెలుసు. దాంతోని చానామంది స్పాట్‌ల ఇథర్ కొని, ధర భయం లేకుండ పర్పెచువల్ల షార్ట్ కొట్టిండ్రు. ఫండింగ్ సున్నా కింద బాగా లోతుకు పోయింది. చార్టు ఒక్కటే చూసేటోడు "షార్టులు ఎగబడ్డరు, ఇంక ఎగురుతది" అనుకుంటడు. కానీ వాళ్లు ఇరుక్కున్న షార్టులు కారు, చేతిల సరుకు ఉన్నోళ్లు. ధర ఎగరలేదు. 1,600 డాలర్ల దగ్గరి నుంచి కొన్ని రోజులల్నే 1,300 దిక్కుకు పడ్డది.

మూడోది, ప్రతి ఎత్తు కాడ ఈ గంట మోగదు. 2021 నవంబర్ 10న బిట్‌కాయిన్ 69 వేల దాకా పోయి అక్కడికెల్లి ఏడాది పొడుగుతా పడ్డది. ఆ రోజు ఫండింగ్ ఏప్రిల్‌ల ఉన్నంత లేదు. ఫండింగ్ మామూలుగా ఉందని ధైర్యంగ కొన్నోన్ని అది కాపాడలేదు.

చూసే తీరు

నేను చూసే తీరు చెప్తా. మొదట ఆ రేటు ఎన్ని గంటలదో చూస్త. కొన్ని ఎక్స్‌ఛేంజీలల్ల గంటకొకసారి, కొన్నిట్ల నాలుగు గంటలకు, కొన్నిట్ల ఎనిమిదికి ఉంటది. గంటకు 0.01 అంటే ఎనిమిది గంటలకు 0.08. రెండిటినీ ఒక్క తీరు చూస్తే లెక్క తప్పుతది. తర్వాత ఆ కాయిన్‌కు గడిచిన రెండు మూడు నెలలల్ల ఈ రేటు ఎట్ల ఉందో చూస్త. చిన్న కాయిన్లల్ల ఇది ఊకె ఊగుతనే ఉంటది, బిట్‌కాయిన్ లెక్క వాటికి పనికిరాదు.

ఆ తర్వాత ఓపెన్ ఇంట్రెస్ట్, అంటే ఇంకా మూయకుండ ఉన్న పొజిషన్ల మొత్తం. ఫండింగ్ పెరుగుకుంట ఇది కూడా పెరిగితే కొత్తోళ్లు వచ్చి చేరుతున్నరని అర్థం. దీన్ని డాలర్లల్ల కాకుండ కాయిన్లల్ల చూడాలె. ధర పెరిగితే డాలర్ లెక్క దానంతట అదే పెరిగినట్టు కనపడుతది. ఆఖరుకు చార్టు. ధర పాత ఎత్తు కాడ గాని, పాత లోతు కాడ గాని ఉండి, రేటు ఒక దిక్కు బాగా వంగి, రెండు మూడు రోజులు ధర ఆ దిక్కుకు కదలకపోతే, ఆ గుంపుల కొత్తగ చేరేటోనికి పిరం జాగ దొరుకుతది, తలుపు మాత్రం ఇరుకుంటది.

నా మాట ఇంతే. ఫండింగ్ ఎప్పుడు పడుతదో చెప్పదు, పడితే ఎవరి మీద పడుతదో చెప్తది. దాన్ని చూసి ఎదురు పందెం కాసుడు కంటే, ఆ గుంపుల చేరకుండ ఉండుడు, చేరినోడు లివరేజ్ తగ్గించుకునుడు దానికి సరైన వాడకం. పొజిషన్ తెరిచే బటన్ నొక్కే ముందు మొత్తం పొజిషన్‌ను రేటుతోని గుణించి, ఎనిమిది గంటల రేటైతే మూడుతోని గుణించుండ్రి. వచ్చేది ఈ రోజు మీరు కట్టే మిత్తి. అంత మిత్తి కట్టి మీరు నిలబడ్డ జాగల ఇంకెంతమంది నిలబడ్డరో ఆ అంకెనే చెప్తది.